పాత డీడీఆర్4 ర్యామ్ కొత్త బీ760 బోర్డులో కూర్చోవడం లేదు: స్లాట్ ఎందుకు ఒప్పుకోదు, ఏ బోర్డుకు ఏ రకమో ఎలా తేల్చుకోవాలి?

కొత్తపేట_సాయి | శనివారం, సాయంత్రం 6:10

అందరికీ నమస్కారం. పాత పీసీలో ఐ3-8100, హెచ్310 బోర్డు, 8 జీబీ ర్యామ్‌లు రెండు ఉన్నాయి. ఇప్పుడు ఐ5-12400, `B760M DS3H` బోర్డు కొన్నాను. ఖర్చు తగ్గుతుందని పాత ర్యామ్‌లనే వాడదామనుకున్నాను. ర్యామ్ పొడవు స్లాట్‌కు సరిగ్గా సరిపోయింది. ఒక కొస కొంచెం దిగింది, రెండో కొస ఎంత నొక్కినా దిగలేదు. స్టిక్కర్ మీద `8GB 1Rx8 PC4-2400T-UA2-11` అని ఉంది. ఇంటెల్ సైట్‌లో చూస్తే 12400 డీడీఆర్4నీ తీసుకుంటుంది, డీడీఆర్5నీ తీసుకుంటుంది. మరి బోర్డు ఎందుకు తీసుకోదు? బయోస్ అప్‌డేట్‌తో ఏమైనా మారుతుందా?

---

లక్ష్మీప్రసన్న | సాయంత్రం 6:32

సాయి గారూ, ముందు నొక్కడం ఆపండి. సమస్య బయోస్‌ది కాదు. మీ ర్యామ్ డీడీఆర్4, మీ బోర్డు డీడీఆర్5.

ఈ బోర్డు రెండు రకాలుగా వస్తుంది. `B760M DS3H DDR4` అని పేరు చివర ఉంటే డీడీఆర్4. ఏమీ లేకుండా `B760M DS3H` అని మాత్రమే ఉంటే డీడీఆర్5. మీరు రాసింది రెండోది. అట్టపెట్టె పక్కన అతికించిన చిన్న తెల్ల లేబుల్ మీద పూర్తి పేరు ఉంటుంది, ఒకసారి చూసి ఇక్కడ రాయండి.

పొడవు సరిపోయింది కాబట్టి కూర్చోవాలి అనిపించడం సహజమే. డీడీఆర్4, డీడీఆర్5 డెస్క్‌టాప్ ర్యామ్‌లు రెండూ 133.35 మిల్లీమీటర్ల పొడవే. రెండింటికీ 288 కాంటాక్టులే, ముందు వైపు 144, వెనక వైపు 144. మారేది కింది అంచులో ఉన్న గాటు చోటు. డీడీఆర్4లో ఆ గాటుకు ఒక పక్క 77, ఇంకో పక్క 67 కాంటాక్టులు ఉంటాయి. డీడీఆర్5లో గాటు నడిమికి ఇంకా దగ్గరగా జరిగింది. తేడా కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి పైనుంచి చూస్తే సరిపోయినట్టే కనిపిస్తుంది. మీకు ఒక కొస దిగి రెండోది ఆగింది అందుకే. స్లాట్ లోపలి ప్లాస్టిక్ దిమ్మె మీద ర్యామ్ అంచు కూర్చుంది.

పవర్ ఆన్ చేశారా? నొక్కేటప్పుడు ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆన్‌లో ఉందా? ఈ రెండూ చెప్పండి.

---

బీటెక్_బాలు | సాయంత్రం 6:50

తేడా అంతా వోల్టేజ్‌దే కదా మేడం. డీడీఆర్4కి 1.2 వోల్టులు, డీడీఆర్5కి 1.1. మధ్యలో 0.1 వోల్టు. ప్రాసెసర్‌లోని కంట్రోలర్‌కు రెండూ తెలుసు. పిన్నులు కూడా 288 చొప్పున సమానం. అంటే గాటు జరపడం కంపెనీల వ్యాపారమే. నాకైతే ఆకురాయితో ర్యామ్ అంచు కొంచెం అరగదీస్తే పనిచేయాలి అనిపిస్తోంది. ఎవరైనా ప్రయత్నించారా?

---

లక్ష్మీప్రసన్న | రాత్రి 7:25

బాలు తమ్ముడూ, ఆ పని ఎవరూ చేయకండి. నువ్వు చెప్పిన వోల్టేజ్ అంకెలు నిజమే. కానీ అవి ర్యామ్ చిప్పుకు చివరగా అందే అంకెలు. స్లాట్‌లోంచి వచ్చే కరెంటు వేరు, అసలు సంగతి అక్కడే ఉంది.

డీడీఆర్4లో 1.2 వోల్టులను బోర్డే తయారుచేస్తుంది. స్లాట్ల పక్కన ఉండే చిన్న కాయిల్, మాస్‌ఫెట్ల పని అదే. దానితోపాటు 2.5 వోల్టుల లైన్ ఒకటి వేరుగా ఇస్తుంది. ర్యామ్ వాటిని ఉన్నవి ఉన్నట్టు వాడుకుంటుంది. డీడీఆర్5 వచ్చేసరికి ఆ పని ర్యామ్ మీదికే మారింది. మామూలు డెస్క్‌టాప్ డీడీఆర్5 ర్యామ్ నడిమిలో మెమరీ చిప్పుల కంటే చిన్న నల్ల చిప్పు ఒకటి, దాని పక్కన ఒకటి రెండు బూడిదరంగు కాయిల్స్ కనిపిస్తాయి. అది పవర్ చిప్పు. బోర్డు దానికి 5 వోల్టులు పంపిస్తుంది, అది 1.1కి దించి చుట్టూ ఉన్న మెమరీ చిప్పులకు పంచుతుంది. అంటే డీడీఆర్5 స్లాట్‌లో 1.1 వోల్టుల సరఫరా అంటూ లేనే లేదు. 1.2 వోల్టులకు అలవాటైన చిప్పులున్న ర్యామ్‌ను అరగదీసి అక్కడ దూర్చితే 5 వోల్టులు ఏ కాంటాక్టుకు తగులుతాయో ఆలోచించు.

రెండో కారణం వైరింగు. 288 అంటే 288 మేకుల లెక్క కాదు, ఒక్కో దానికి ఒక్కో పని ఉంటుంది. డీడీఆర్4 ర్యామ్ మొత్తం ఒకే 64 బిట్ల దారిగా ప్రాసెసర్‌తో మాట్లాడుతుంది. డీడీఆర్5 ర్యామ్ ఒక్కటే అయినా లోపల రెండు 32 బిట్ల దారులుగా చీలి ఉంటుంది, ఒక్కో దారికి దాని సొంత ఆదేశాల లైన్లు ఉంటాయి. ఆదేశం పంపే తీరూ మారింది. డీడీఆర్4లో ఒక్క క్లాక్‌లో అయిపోయే ఆదేశం డీడీఆర్5లో చాలాసార్లు రెండు క్లాకుల్లో, తక్కువ లైన్ల మీద నడుస్తుంది. ప్రాసెసర్‌కు రెండు భాషలూ వచ్చు, నిజమే. కానీ ప్రాసెసర్ కాళ్ల నుంచి స్లాట్ వరకూ బోర్డులో గీసిన రాగి గీతలు ఏదో ఒక భాషకే గీసి ఉంటాయి. బయోస్ ఆ గీతల్ని మార్చలేదు.

కాబట్టి గాటు జరిపింది వ్యాపారానికి కాదు. పొరపాటున పెట్టినా లోపలికి దిగకూడదని జరిపారు. ఈ కొలతలు నిర్ణయించేది జేడెక్ అనే ప్రమాణాల సంస్థ, ఏ ఒక్క కంపెనీ కాదు. డీడీఆర్2, డీడీఆర్3 రెండింటికీ 240 కాంటాక్టులే ఉండేవి, అప్పుడూ ఇదే చేశారు. డీడీఆర్2లో గాటు 64వ కాంటాక్టు తర్వాత, డీడీఆర్3లో 48వ దాని తర్వాత.

---

బీటెక్_బాలు | రాత్రి 7:41

5 వోల్టుల సంగతి నాకు తెలియదు మేడం, ఆకురాయి మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక అనుమానం. `GA-G41M-Combo` అని పాత బోర్డు ఉండేది, దాంట్లో డీడీఆర్2, డీడీఆర్3 రెండూ పెట్టుకోవచ్చు. అప్పుడు కుదిరింది ఇప్పుడు ఎందుకు కుదరదు?

---

లక్ష్మీప్రసన్న | రాత్రి 8:05

మంచి ప్రశ్న. ఆ బోర్డులో కూడా ఒకే స్లాట్‌ను రెండు రకాలు పంచుకోలేదు. డీడీఆర్3కి రెండు స్లాట్లు, డీడీఆర్2కి రెండు స్లాట్లు విడివిడిగా ఉండేవి. పైగా రెండు రకాలూ ఒకేసారి పెట్టకూడదు, పెడితే బూట్ కాదు. బోర్డు ఏదో ఒక వోల్టేజ్‌కే మారగలదు.

హెచ్110 కాలంలో డీడీఆర్3, డీడీఆర్4 కలిపిన బోర్డులు వచ్చాయి. డీడీఆర్4, డీడీఆర్5 రెండు రకాల స్లాట్లూ ఉన్న హెచ్610 బోర్డులు కూడా వచ్చాయి. కాబట్టి కుదరదని అనను. కానీ ఖాళీగా ఉన్న రెండో జత స్లాట్ల వైపు వెళ్లే రాగి గీతలు వేలాడుతూ ఉంటాయి, సిగ్నల్ అక్కడి దాకా వెళ్లి తిరిగి తగులుతుంది. 800 వేగంలో అది పెద్ద లెక్క కాదు. 4800 దాటాక ప్రతి వేలాడే గీతా లెక్కలోకి వస్తుంది. ఆ రకం బోర్డులు అరుదుగా రావడానికి అదొక కారణం.

---

నరసింహం_భీమవరం | రాత్రి 8:30

గాటు ఆపుతుంది, గాటు ఆపుతుంది అంటున్నారు. నా ల్యాప్‌టాప్‌లో అలా జరగలేదమ్మా. ఐ3-4005యూ ల్యాప్‌టాప్. లోపలున్న ర్యామ్ డీడీఆర్3. ఇంకొక 4 జీబీ డీడీఆర్3 కొని పెట్టాను, చక్కగా టక్కుమని కూర్చుంది. పవర్ లైటు వస్తుంది, తెర నల్లగా ఉంటుంది. తీసేస్తే మామూలుగా ఆన్ అవుతుంది. స్లాట్ పాడైందని రిపేరు అతను అంటున్నాడు. నిజమేనా?

---

సీటీసీ_ఖాదర్ | రాత్రి 8:44

నరసింహం గారూ, స్లాట్ బాగానే ఉండి ఉంటుంది. రెండు ర్యామ్‌ల స్టిక్కర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. పాతదాని మీద `PC3L-12800S` అని ఉంటుంది. కొత్తదాని మీద `PC3-12800S` అని ఉందా? అంటే మధ్యలో L లేదా?

---

నరసింహం_భీమవరం | రాత్రి 9:02

భూతద్దం పెట్టి చూశాను బాబూ. పాతదాని మీద L ఉంది. కొత్తదాని మీద లేదు. ఒక్క అక్షరానికి ఇంత తేడానా?

---

సీటీసీ_ఖాదర్ | రాత్రి 9:15

ఇంతే అండి. L ఉన్నది 1.35 వోల్టులకూ పనిచేస్తుంది, 1.5కీ పనిచేస్తుంది. L లేనిది 1.5కి మాత్రమే. మీ ప్రాసెసర్ వచ్చిన నాలుగో తరం యూ సిరీస్ ల్యాప్‌టాప్‌లు 1.35 మాత్రమే ఇస్తాయి. రెండూ ఒకే తరం, అవే 204 కాంటాక్టులు, అదే గాటు, కాబట్టి స్లాట్ అడ్డు చెప్పదు. చాలని వోల్టేజ్ మీద కొత్త ర్యామ్ లేవదు, దానితోపాటు మిషనే ఆగిపోతుంది. మార్చుకునేటప్పుడు L ఉన్నదే అడగండి. మూడో తరం ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌లు చాలావరకు రెండూ తీసుకునేవి, అందుకే అమ్మేవాళ్లకూ ఈ పొరపాటు అలవాటైపోయింది.

గాటు ఆపని రకం ఇంకొకటి ఉంది, ఇది అందరికీ చెబుతున్నాను. సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట సర్వర్ల నుంచి తీసిన డీడీఆర్4 ర్యామ్‌లు చవకగా దొరుకుతాయి. డీడీఆర్4లో సర్వర్ ర్యామ్ గాటూ, మామూలు ర్యామ్ గాటూ ఒకే చోట ఉంటాయి. హెచ్310లోనూ, బీ760 డీడీఆర్4 బోర్డులోనూ చక్కగా దిగి, రెండు వైపులా క్లిప్పు కూడా పడుతుంది. కానీ బూట్ కాదు, బోర్డు మీద `DRAM` లైటు వెలిగి ఆగిపోతుంది. స్టిక్కర్‌లో వేగం తర్వాతి అడ్డగీత దాటాక వచ్చే అక్షరం చూడాలి. సాయి గారి స్టిక్కర్‌లో `2400T-UA2` అని ఉంది కదా, ఆ U అంటే మామూలు డెస్క్‌టాప్ రకం. S ఉంటే ల్యాప్‌టాప్ రకం. అక్కడ R ఉంటే సర్వర్ రకం, మామూలు బోర్డు దాన్ని చదవలేదు. ధర చూసి R రకం తీసుకుని నెత్తిన చేతులు పెట్టుకునేవాళ్లు చాలామంది.

---

కొత్తపేట_సాయి | రాత్రి 9:40

క్షమించండి, ఇప్పుడే చూశాను. పెట్టె మీద లేబుల్‌లో `B760M DS3H` అని మాత్రమే ఉంది, చివర డీడీఆర్4 లేదు. లక్ష్మీప్రసన్న గారు చెప్పిందే నిజం. నొక్కేటప్పుడు ప్లగ్ పెట్టే ఉంది, కానీ పవర్ బటన్ నొక్కలేదు. ఇప్పుడు రెండు భయాలు. స్లాట్ దెబ్బతిందా? ర్యామ్ పోయిందా?

---

లక్ష్మీప్రసన్న | రాత్రి 10:05

ప్లగ్ పెట్టి ఉంటే పీసీ ఆపి ఉన్నా ఎస్‌ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై బోర్డులోకి వస్తూనే ఉంటుంది. అందుకే అడిగాను. ర్యామ్ పూర్తిగా దిగలేదు, పీసీ ఆన్ చేయలేదు కాబట్టి చాలావరకు ప్రమాదం ఉండదు. పరీక్షించి తెలుసుకోవడం తేలికే. ర్యామ్‌లను తిరిగి పాత హెచ్310లో పెట్టి ఆన్ చేయండి. 16 జీబీ చూపించి, ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ తప్పుల్లేకుండా నడిస్తే ర్యామ్ క్షేమం.

స్లాట్‌ను ఇలా చూడండి. ప్లగ్ తీసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని మిగిలిన ఛార్జీ పోనివ్వండి. ఫోన్ టార్చ్‌ను స్లాట్ కొస నుంచి పొడవునా, దాదాపు పడుకోబెట్టి వేయండి. పైనుంచి వేస్తే ఏమీ కనిపించదు. లోపల రెండు వరుసల బంగారు రంగు స్ప్రింగులు ఒకే ఎత్తులో, దువ్వెన పళ్లలా సమంగా కనబడాలి. ఏదైనా ఒకటి పక్కకు వాలి పక్కదాన్ని తాకినా, మిగతావాటికంటే లోపలికి కుంగినా అక్కడే ఆగండి. ముఖ్యంగా మీరు నొక్కిన కొస దగ్గర, నడిమి ప్లాస్టిక్ దిమ్మెకు అటూ ఇటూ చూడండి. దిమ్మె పగిలి ఉంటే సన్నని తెల్ల గీత కనిపిస్తుంది. వంగిన స్ప్రింగును సూదితో సరిచేయబోయి విరిచేయడం మామూలుగా జరిగేదే, ఆ పని మీరు చేయకండి. నాలుగు స్లాట్లలో ఒకటి పోయినా మిగతావి వాడుకోవచ్చు.

---

హరిణి_డల్లాస్ | రాత్రి 11:20 (భారత సమయం)

గాటు సరిపోతుందో లేదో ర్యామ్‌ను స్లాట్‌లో పెట్టకుండానే చూసే పద్ధతి ఒకటి ఉంది. సెకండ్ హ్యాండ్ బోర్డు మీద పేరు చెరిగిపోయినప్పుడు పనికొస్తుంది.

బోర్డుకు కరెంటు లేకుండా చూసుకుని, పలుచని తెల్ల కాగితాన్ని స్లాట్ పొడవుకంటే కొంచెం ఎక్కువ కత్తిరించి స్లాట్ పైన పరవండి. పక్క క్లిప్పులు విప్పి ఉంచాలి. పెన్సిల్ ములుకును పడుకోబెట్టి తేలిగ్గా రుద్దండి. స్లాట్ గాడి తెల్లగా ఉండిపోతుంది, మధ్యలో దిమ్మె ఉన్న చోట నల్ల అడ్డగీత పడుతుంది. ఇప్పుడు ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టి ర్యామ్ కింది అంచును దాని మీద ఆనించండి. గీత గాటులో పడితే అదే తరం. ర్యామ్‌ను తిప్పి కూడా ఒకసారి చూడండి, ఎందుకంటే ఎటు వైపు పెట్టాలో కాగితం చెప్పదు. తర్వాత పెన్సిల్ పొడి స్లాట్‌లో పడకుండా బోర్డును బోర్లించి దులపాలి, అది కరెంటు పారించే పొడి.

డీడీఆర్3 అయితే ఇంత శ్రమ అక్కర్లేదు. ఒక పక్క 48, ఇంకో పక్క 72 కాంటాక్టులు కాబట్టి దిమ్మె ఒక వైపుకు బాగా జరిగి కనిపిస్తుంది. పైగా డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్‌ల కింది అంచు తిన్నగా ఉండదు, నడిమిలో కాస్త కిందికి ఉబ్బి ఉంటుంది. డీడీఆర్3 అంచు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. చేతిలో ఏముందో తేల్చుకోవడానికి అదే మొదటి గుర్తు.

---

వేణు_వరంగల్ | ఆదివారం, ఉదయం 7:15

పనిచేస్తున్న పీసీ అయితే కేబినెట్ విప్పే పనే లేదు. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ఈ రెండు లైన్లు ఇస్తే చాలు.

```
Get-CimInstance Win32_BaseBoard | Select-Object Manufacturer, Product, Version
Get-CimInstance Win32_PhysicalMemory | Select-Object DeviceLocator, SMBIOSMemoryType, ConfiguredClockSpeed, PartNumber
```

మొదటిది బోర్డు పూర్తి పేరు ఇస్తుంది. రెండోదానిలో `SMBIOSMemoryType` కింద 24 వస్తే డీడీఆర్3, 26 వస్తే డీడీఆర్4, 34 వస్తే డీడీఆర్5. పాత పాఠాల్లో `wmic` అని చెబుతారు, కొత్త విండోస్ 11లో అది ఉండకపోవచ్చు. `MemoryType` అని ఇంకో గడి ఉంది, దాంట్లో చాలాసార్లు 0 వస్తుంది. దాన్ని చూసి కంగారుపడకండి.

టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూసినా ఒక అంచనా వస్తుంది. వేగం 1333, 1600 ఉంటే డీడీఆర్3. 2133 నుంచి 3200 మధ్య ఉంటే డీడీఆర్4 అనుకోవచ్చు. 4800, ఆపైన ఉంటే డీడీఆర్5. అక్కడే `Form factor` ఎదురుగా `Row of chips` అని ఉంటే ఆ ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, ఆ ల్యాప్‌టాప్‌లో మార్చడానికి స్లాట్ ఉండకపోవచ్చు.

---

హరిణి_డల్లాస్ | ఉదయం 7:50

వేణు గారు చెప్పినదానికి ఒక సవరణ. టాస్క్ మేనేజర్ వేగాన్ని బట్టి తరం తేల్చడం పూర్తిగా నమ్మదగింది కాదు. డీడీఆర్3 ర్యామ్‌లలో 2133కు ఓవర్‌క్లాక్ చేసేవి ఉన్నాయి. సరిహద్దు దగ్గర అంచనా తప్పుతుంది. లినక్స్‌లో అయితే ఇదీ పద్ధతి:

```
sudo dmidecode -t baseboard
sudo dmidecode -t 17
```

రెండోది ప్రతి స్లాట్‌కూ ఒక పేరా ఇస్తుంది. `Type: DDR4` అన్నదే చూడండి, పక్కనే ఉండే `Type Detail` వేరే సంగతి. ఖాళీ స్లాట్‌కు `No Module Installed` అని, రకం దగ్గర `Unknown` అని వస్తుంది. అందుకని ర్యామ్ లేని బోర్డును ఈ పద్ధతిలో అడిగి లాభం లేదు. ర్యామ్ పెట్టిన స్లాట్‌కే `Unknown` వస్తే పార్ట్ నంబర్ చదవాలి. ఉదాహరణకు సామ్‌సంగ్ వాటిలో `M378A` అని మొదలైతే డెస్క్‌టాప్ డీడీఆర్4, `M378B` అయితే డీడీఆర్3, `M471A` అయితే ల్యాప్‌టాప్ డీడీఆర్4. హైనిక్స్ వాటిలో `HMT` డీడీఆర్3, `HMA` డీడీఆర్4.

---

సీటీసీ_ఖాదర్ | ఉదయం 9:30

కొనేముందు చూసేవాళ్ల కోసం ఒక మాట. 12, 13, 14వ తరం ఇంటెల్ బోర్డుల్లో చిప్‌సెట్ పేరు చూసి తరం తేల్చలేరు. హెచ్610, బీ660, బీ760, జెడ్690 అన్నింటిలోనూ రెండు రకాలూ వచ్చాయి. పేరు చివర `D4` లేదా `DDR4` ఉందా అన్నది చూడాలి. హెచ్110 కాలంలో ఇది తలకిందులుగా ఉండేది. అప్పుడు కొత్తది డీడీఆర్4 కాబట్టి పేరు చివర ఏమీ లేకపోతే డీడీఆర్4, పాతదానికి `D3` అనో `DDR3` అనో తగిలించేవాళ్లు.

ఏఎండీలో ఈ గొడవ లేదు. డెస్క్‌టాప్ ఏఎం4 సాకెట్ అంటే డీడీఆర్4, ఏఎం5 అంటే డీడీఆర్5, మూడోది లేదు. ఇంటెల్‌లో కోర్ అల్ట్రా 200ఎస్ డెస్క్‌టాప్‌లకు డీడీఆర్5 మాత్రమే.

స్టిక్కర్ అంకెల్లో ఒక తిరకాసు ఉంది. `PC3-12800` అన్నది `PC4-2666V` కంటే పెద్ద అంకెలా కనిపిస్తుంది, పెద్దది కాబట్టి కొత్తదని అమ్మేవాళ్లూ ఉన్నారు. మొదటిదానిలో అంకె సెకనుకు ఎన్ని మెగాబైట్లో చెబుతుంది, రెండోదానిలో అంకె వేగం. 12800 అంటే 1600 వేగం. తరం తెలియాలంటే పీసీ పక్కన ఉన్న 3, 4, 5 మాత్రమే చూడండి.

---

బీటెక్_బాలు | ఉదయం 10:10

హెచ్110 డీడీఆర్3 బోర్డుల్లో 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 పెట్టి ఆరో తరం ప్రాసెసర్ నడిపిన పీసీలు ఏళ్లుగా బతికే ఉన్నాయి. మా హాస్టల్‌లోనే రెండున్నాయి. ఇంటెల్ 1.35 రకమే వాడమంది అంటారు. అది భయపెట్టడమేనా?

---

లక్ష్మీప్రసన్న | ఉదయం 10:42

ఇంటెల్ చెప్పింది నిజమే. ఆరో తరం కంట్రోలర్‌కు డీడీఆర్3ఎల్ మాత్రమే అధికారికంగా చెల్లుతుంది, 1.5 మీద ఎక్కువకాలం నడిపితే ప్రాసెసర్‌కు నష్టం రావచ్చని వాళ్లు అన్నారు. కానీ బోర్డు తయారీదారులు కొందరు 1.5 వోల్టుల ర్యామ్‌నూ తమ జాబితాల్లో పెట్టారు. నీ హాస్టల్ పీసీలు నడుస్తున్నాయి అన్నదీ అబద్ధం కాదు. ఎన్నేళ్లకు, ఎంతమందికి పోయింది అన్న లెక్క ఎవరి దగ్గరా చూడలేదు. నేనైతే కొత్తగా కొనేటప్పుడు 1.35 రకమే కొంటాను.

---

సీటీసీ_ఖాదర్ | ఉదయం 10:58

మేడంతో నేను ఇక్కడ ఏకీభవించను. పాత పీసీకి డీడీఆర్3ఎల్ డెస్క్‌టాప్ ర్యామ్ దొరకడమే కష్టం, దొరికితే ధర ఎక్కువ. ఇంకో రెండేళ్లు నడవాల్సిన మిషన్‌కు ఉన్నదే పెట్టుకోవచ్చు.

---

కొత్తపేట_సాయి | ఆదివారం, సాయంత్రం 5:20

హరిణి గారి కాగితం పద్ధతి చేశాను. గీత గాటుకు మూడు, నాలుగు మిల్లీమీటర్ల పక్కన పడింది, ఎటు తిప్పినా కలవలేదు. టార్చ్ పడుకోబెట్టి చూస్తే స్ప్రింగులన్నీ సమంగానే ఉన్నాయి, తెల్ల గీత లేదు. ర్యామ్‌లు పాత బోర్డులో పెడితే 16 జీబీ చూపిస్తోంది, మెమ్‌టెస్ట్ ఇప్పుడే మొదలుపెట్టాను.

షాపు అతను రెండు దారులు చెప్పాడు. బోర్డును `B760M DS3H DDR4`కి మార్చి ఇస్తాడట, లేదా ఈ బోర్డే ఉంచుకుని 16 జీబీ డీడీఆర్5 కొనమంటున్నాడు. ఏది మేలు?

---

వేణు_వరంగల్ | సాయంత్రం 5:48

ఆఫీసు పనికీ బ్రౌజింగుకూ అయితే బోర్డు మార్చుకోండి. 12400 మీద ఈ పనుల్లో తేడా కనిపించదు, ర్యామ్ డబ్బు మొత్తం మిగులుతుంది. మీ ర్యామ్ 2400 వేగంది, అదే వేగంలో నడుస్తుంది.

---

సీటీసీ_ఖాదర్ | సాయంత్రం 6:05

నేను రెండోదే అంటాను. 2400 వేగం ఈ ప్రాసెసర్‌కు మరీ తక్కువ, ఇది డీడీఆర్4లోనే 3200 తీసుకుంటుంది. పైగా తర్వాత ఏ కొత్త ప్లాట్‌ఫారానికి వెళ్లినా డీడీఆర్5 వెంట తీసుకెళ్లొచ్చు, డీడీఆర్4 అక్కడ పనికిరాదు. బోర్డు మార్చుకుంటే మాత్రం తీసుకునేముందు పెట్టె లేబుల్, బోర్డు మీద ముద్రించిన పేరు, రెండూ కౌంటర్ దగ్గరే చదవండి. పెట్టె ఒకటి, లోపల బోర్డు ఇంకొకటి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

---

లక్ష్మీప్రసన్న | సాయంత్రం 6:30

డబ్బు సంగతి మీరే చూసుకోండి సాయి గారూ, నేను డీడీఆర్5 కొంటే ఏం జరుగుతుందో మాత్రం చెబుతాను. రెండు ర్యామ్‌లు తెస్తే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్, నాలుగో స్లాట్‌లో పెట్టండి. మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, దానితో సరిచూసుకోండి. క్లిప్పు పడిన శబ్దం వచ్చాక ర్యామ్ పై అంచు స్లాట్‌కు సమాంతరంగా ఉందో లేదో పక్కనుంచి చూడండి.

మొదటిసారి ఆన్ చేయగానే తెర నల్లగా ఉండి `DRAM` లైటు వెలిగి ఉంటుంది. కంగారుపడి ఆపేయకండి. బోర్డు ప్రతి లైన్‌కూ సరైన సమయాన్ని వెతుక్కుంటూ ఉంటుంది, డీడీఆర్5లో దానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. మధ్యలో ఆపితే మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. పది నిమిషాలు దాటినా రాకపోతే ఒక్క ర్యామ్‌ను మాత్రమే రెండో స్లాట్‌లో ఉంచి మళ్లీ ప్రయత్నించండి.

---

నరసింహం_భీమవరం | సోమవారం, మధ్యాహ్నం 12:15

L ఉన్న ర్యామ్‌కు మార్చుకున్నాను. ఒక్కసారికే ఆన్ అయింది, 8 జీబీ చూపిస్తోంది. రిపేరు అతనికి రెండు స్టిక్కర్లూ చూపించాను. ఖాదర్ బాబూ, ఇంకొక సందేహం. పాతది 1600, కొత్తదాని మీద `PC3L-10600S` అని ఉంది. ఇప్పుడు రెండూ ఏ వేగంలో నడుస్తాయి?

---

సీటీసీ_ఖాదర్ | మధ్యాహ్నం 12:40

రెండూ 1333లో నడుస్తాయి అండి. 10600 అంటే 1333, తక్కువ వేగం ఉన్నదాని వెంట రెండోదీ వస్తుంది. అలా వాడుకుంటే నష్టం ఏమీ లేదు. వేణు గారు ఇచ్చిన రెండో లైన్ నడిపితే `ConfiguredClockSpeed` దగ్గర మీకే కనబడుతుంది.